చివరి పద్నాలుగు పేజీలు

డిసెంబరులో హైదరాబాదులో, జనవరిలో విజయవాడలో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. అక్కడ ఏ ఆత్మకథనో, జిల్లా చరిత్రనో, వ్యాస సంపుటినో చేతిలోకి తీసుకుని చివరి పేజీలు తిప్పి చూడండి. ఎక్కువగా కనిపించేది ఆ ప్రచురణకర్త వేసిన ఇతర పుస్తకాల జాబితా, ధరలతో సహా. లేదంటే ఖాళీ కాగితం. నవలకీ కథల సంపుటికీ అంతకు మించి అక్కర్లేదు. కానీ నాలుగైదు వందల మంది మనుషులు, వంద ఊళ్లు, యాభై ఏళ్ల తగాదాలు ఉన్న ఆత్మకథకు అకారాది సూచి లేకపోతే, ఆ పుస్తకాన్ని ఒకసారి చదవడం కుదురుతుందే తప్ప మళ్లీ మళ్లీ సంప్రదించడం కుదరదు. ‘ఈ సంగతి ఇందులోనే ఎక్కడో చదివానే’ అనుకుంటూ పేజీలు తిరగేసిన వాళ్లందరికీ ఈ బాధ తెలుసు. మొదట్లో ఉండే విషయసూచిక రచయిత నడిచిన దారి చెబుతుంది. పాఠకుడు ఏ పక్కనుంచి వచ్చినా లోపలికి దారి చూపేది చివర ఉండే అకారాది సూచి. దాన్ని తయారుచేసే పని ఎలా ఉంటుందో మన దగ్గర రచయితల్లో కూడా చాలామందికి తెలియదు. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఉదాహరణకు కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ తీసుకుందాం. ఎన్నోసార్లు అచ్చయిన పుస్తకం. పంతొమ్మిదో శతాబ్దపు గోదావరి జిల్లా గురించి రాసే ప్రతివారూ తిరగేసేది. దీన్ని ఇవాళ ఒక ప్రచురణకర్త కొత్తగా కంపోజు చేయించి, చివర అకారాది వేయాలనుకున్నారనుకోండి. ఇక్కడ ఇచ్చే పేజీ సంఖ్యలన్నీ ఊహించుకున్నవే. అవి ముద్రణ ముద్రణకూ మారతాయి. పని తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే.

మొదటి షరతు, పేజీలు కదలకూడదు. ప్రూఫులు దిద్దడం పూర్తయి, మేకప్ అయి, ఇక ఒక్క పేరా కూడా ఈ పేజీ నుంచి ఆ పేజీకి జరగదు అని తేలాకే సూచి మొదలవుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అప్పటికి రచయిత అలసిపోయి ఉంటాడు, ప్రచురణకర్తకు ఆవిష్కరణ తేదీ తరుముకొస్తూ ఉంటుంది, ప్రెస్సు వాడు ఫైలు ఎప్పుడు పంపుతారని అడుగుతూ ఉంటాడు. పుస్తకం అయిపోయిందని అందరూ అనుకున్న రోజున సూచి వేసేవారి పని మొదలవుతుంది. మన పుస్తకాల్లో సూచి లేకపోవడానికి సోమరితనం కంటే ఈ క్యాలెండరే పెద్ద కారణం.

పూర్వం ఈ పనికి చిన్న అట్టముక్కలు వాడేవారు. ఒక్కో అట్టమీద ఒక్క మాట, దాని కింద ఒక్క పేజీ సంఖ్య. ఇప్పుడు కంప్యూటరులో మూడు గడుల పట్టిక చాలు. మొదటి గడిలో శీర్షిక, రెండో గడిలో ఉపశీర్షిక, మూడో గడిలో పేజీ. పెన్సిలు పట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుతూ వెళ్లాలి. ప్రతి పేజీ దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఏమి వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడు ఈ పేజీ చూసి సంతోషిస్తాడు? రచయిత ఫలానా రోజు కాకినాడ మీదుగా వెళ్లానని ఒక మాట అంటే, ఆ పేజీని ‘కాకినాడ’ కింద వేయనక్కర్లేదు. కాకినాడ గురించి తెలుసుకోవాలని వచ్చినవాడికి అక్కడ ఏమీ దొరకదు. కాకినాడలో వర్తకుడు పైడా రామకృష్ణయ్య వితంతు వివాహాల కోసం డబ్బు ఇచ్చిన సంగతి ఉన్న పేజీ మాత్రం తప్పకుండా పడాలి. అది రామకృష్ణయ్య పేరు కింద ఒకసారి, వివాహాల కింద ఒకసారి. పేరు కనపడిన ప్రతిచోటా సంఖ్య వేస్తే పని తేలికే, సూచి మాత్రం పనికి రాకుండా పోతుంది.

ఆత్మకథలో ఇంకో తమాషా ఉంది. అతి ముఖ్యమైన మనుషులు పేరుతో రారు. ‘మా తల్లి’, ‘నా భార్య’, ‘ఆ చిన్నది’ అని వస్తారు. వీరేశలింగం తల్లి పున్నమ్మ. భార్య రాజ్యలక్ష్మమ్మ. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన ఇంట జరిగిన తొలి వితంతు వివాహంలో వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కథనంలో ‘నా భార్య’ అని ఉన్న ప్రతి ముఖ్యమైన చోటా, సూచిలో ‘రాజ్యలక్ష్మమ్మ’ కింద ఆ పేజీ చేరాలి. కంప్యూటరులో పేరు కొట్టి వెతికేవాడికి ఈ పేజీలు ఏనాటికీ దొరకవు, ఎందుకంటే అక్కడ ఆ పేరే లేదు. చదివే మనిషి ఉంటేనే దొరుకుతాయి. అలాగే ఇంటిపేరు తెలియని స్త్రీలు ఇలాంటి పుస్తకాల్లో చాలామంది ఉంటారు. గౌరమ్మను గకారం కిందే వేసి, పక్కన కుండలీకరణాల్లో ‘తొలి వితంతు వధువు’ అని చేర్చాలి. లేకపోతే పుస్తకంలో మరో గౌరమ్మ తగిలినప్పుడు ఇద్దరూ ఒక్కరైపోతారు.

మగవాళ్ల పేర్ల విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషు సూచిలో ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెట్టి పేరును తిప్పి రాయాలి. మనకు ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది. కొక్కొండ వెంకటరత్నం, బసవరాజు గవర్రాజు, ఆత్మూరి లక్ష్మీనరసింహం ఉన్నవాళ్లు ఉన్నట్టే వరసలో కూర్చుంటారు. చిక్కంతా జనం నోట పేరుతోనే నిలిచిపోయిన పెద్దవాళ్లతో. వీరేశలింగాన్ని ‘కం’ దగ్గర వెతికేవాళ్లు కొందరైతే ‘వీ’ దగ్గర వెతికేవాళ్లు ఎక్కువమంది. అందుకని ఒకచోట పేజీలన్నీ ఇచ్చి, రెండోచోట ‘వీరేశలింగం, చూడండి: కందుకూరి వీరేశలింగం’ అని దారి చూపాలి. పొడి అక్షరాల పేర్లకూ ఇదే మందు.

చదువుతూ పోగుచేసుకున్న మాటలు ఈపాటి పుస్తకానికి రెండు వేలు దాటినా ఆశ్చర్యం లేదు. వాటిని వరసలో పెట్టకముందే మరో పని చేయాలి. ఒకే సంగతి నాలుగు పేర్లతో చేరి ఉంటుంది, దాన్ని ఒక్క పేరు కిందకు తేవాలి. ఆ కాలపు రచనల్లో స్త్రీ పునర్వివాహం, వితంతు వివాహం, విధవా వివాహం అన్న మాటలన్నీ తిరుగుతుంటాయి. సూచి వేసేవారు పుస్తకం నుంచి మాటను అలాగే ఎత్తి రాసుకుంటూ పోతే, ఒకే విషయం మూడు చోట్ల చీలిపోతుంది. పాఠకుడికి ఒకటి దొరికితే అంతే ఉందనుకుని పుస్తకం మూసేస్తాడు. ఇదే సూచిలో జరిగే అతి పెద్ద నష్టం, పైగా ఎవరికీ కనపడని నష్టం. ఇవాళ్టి పాఠకుడి నోటికి ముందు వచ్చే ‘వితంతు వివాహాలు’ దగ్గర అన్నిటినీ చేర్చి, మిగతా మాటల దగ్గర ‘చూడండి’ అని పెట్టాలి. ఊళ్లకూ అంతే. చెన్నపట్టణం, చెన్నపురి, మద్రాసు ఒక్క ఊరే. రాజమహేంద్రవరం, రాజమండ్రి ఒక్కటే. ధవళేశ్వరాన్ని కొందరు వత్తు ధకారంతో, కొందరు మామూలు దకారంతో రాస్తారు. పుస్తకంలో రెండూ ఉంటే రెండు వేర్వేరు ఊళ్లు పుట్టుకొస్తాయి.

ఒక్క జాగ్రత్త. ‘చూడండి’ అన్నది ఎక్కువైతే పాఠకుణ్ణి ఊరంతా తిప్పినట్టవుతుంది. ఒక మాట కింద ఉన్నవి రెండు మూడు పేజీలే అయితే, ఇటు వెళ్లు అటు వెళ్లు అనకుండా రెండుచోట్లా ఆ సంఖ్యలే వేసేయడం మర్యాద. ఇంకా ఘోరం, పునర్వివాహాలు దగ్గర విధవా వివాహాలు చూడమని, అక్కడికి వెళితే పునర్వివాహాలు చూడమని ఉండటం. పేరున్న ప్రచురణ సంస్థల పుస్తకాల్లో కూడా ఇలాంటి గానుగెద్దు దారులు కనిపిస్తుంటాయి.

ఇక వరస. అకారాది మనకు ఒకటో తరగతిలో వచ్చేదే కదా అనిపిస్తుంది. తీరా కూర్చుంటే, మనం నేర్చుకున్న వర్ణమాల మొదటి అక్షరానికి సాయపడినంతగా రెండో అక్షరానికి సాయపడదు. ఈ మూడు మాటలు చూడండి: రాజమహేంద్రవరం, రాజు, రాజ్యలక్ష్మమ్మ. చాలామంది రాజ్యలక్ష్మమ్మను రాజు కంటే ముందు పెడతారు, రాజ తర్వాత యకారమే కదా అని. నిఘంటువు పద్ధతి అది కాదు. జకారానికి గుణింతం మొత్తం, అంటే జ నుంచి జౌ దాకా, అయిపోయాకే వత్తులున్న జ్య, జ్ర, జ్వ వస్తాయి. కాబట్టి రాజమహేంద్రవరం, రాజు, ఆ తర్వాతే రాజ్యలక్ష్మమ్మ. అలాగే ‘కృష్ణ’ కూ దాటాక కె కంటే ముందు వస్తుంది, అది గుణింతంలో భాగం గనక. అదే పేరును ఎవరైనా ‘క్రిష్ణ’ అని రాస్తే అది కౌ కూడా దాటిపోయి ఎక్కడో చివర పడుతుంది. ఒక్క అక్షరదోషం మనిషిని అరపేజీ కిందకు తోసేస్తుంది.

సున్న సంగతి ఇంకా గమ్మత్తు. బడిలో ‘అం’ ఔ తర్వాత వస్తుంది. ఆ లెక్కన ‘సంఘ సంస్కరణ’ సౌ తర్వాత రావాలి. కంప్యూటరు వరస పెడితే సున్న హల్లులన్నిటికంటే ముందు వస్తుంది గనక ‘సంఘ సంస్కరణ’ ముందు, ‘సతీహితబోధిని’ తర్వాత. కందుకూరి కాకినాడ కంటే ముందు నిలబడేది కూడా ఈ లెక్కలోనే. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. రెండూ కలిపేయడం తప్పు. ళకారమూ అంతే. మనం హకారం తర్వాత ళ చదువుకున్నాం, కంప్యూటరు దాన్ని లకారం పక్కనే, వకారం కంటే ముందు కూర్చోబెడుతుంది. క్ష వర్ణమాల చివర చదువుకున్నదే అయినా వరసలో కకారం కిందకే పోతుంది. ఏ పద్ధతి పాటించారో సూచి తల మీద ఒక్క వాక్యం రాస్తే పాఠకుడు అర్థం చేసుకుంటాడు. మన దగ్గర ఆ ఒక్క వాక్యం రాసేవారు అరుదు.

కంప్యూటరు పెట్టే ఇంకో చిక్కు కంటికి కనపడదు. ఇంగ్లీషు పేర్లను తెలుగులో కొట్టేటప్పుడు పొల్లు పక్క అక్షరంతో అతుక్కోకుండా ఒక అదృశ్య అక్షరాన్ని చేర్చడం టైపు చేసేవాళ్లకు అలవాటు. రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాలు మెట్కాఫ్ దొర పేరు చివర ఒకచోట అది ఉండి మరోచోట లేకపోతే, అచ్చులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చాలా ప్రోగ్రాములకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. జాబితాలో ‘మెట్కాఫ్’ ఒకదాని కింద ఒకటి రెండుసార్లు వచ్చి, పేజీలు చెరి సగం పంచుకున్నాయంటే కారణం ఇదే అయి ఉంటుంది. ఇంతకుముందు వాడిన పాత ఫాంట్లతో ఈ బాధ ఇంకా ఎక్కువ. వాటిలో అక్షరం ఆకారమే తెలుగుది, లోపల ఉన్న సంకేతం మరేదో. అలాంటి ఫైలును వరస పెట్టమంటే మనకు అర్థంకాని వరసేదో వస్తుంది. తెలుగు పుస్తకాలు డి.టి.పి.లోకి మారాక కూడా సూచి చేత్తోనే చేసుకోవాల్సి రావడానికి, చివరికి మానేయడానికి అదీ ఒక కారణం.

వర్డ్ లాంటి ప్రోగ్రాముల్లో సూచి తయారుచేసే ఏర్పాటు ఉంది. మాట పక్కన ఇలా ఒక గుర్తు పెడితే, పేజీలు మారినా సూచిని ఒకసారి తాజాపరిస్తే సంఖ్యలు సరిపడతాయి:

```
{ XE "వితంతు వివాహాలు:తొలి వివాహం (1881)" }
```

మధ్యలో ఉన్న కోలన్‌కు ముందున్నది శీర్షిక, తర్వాతది ఉపశీర్షిక. మంచి సదుపాయమే. ఏ మాటకు గుర్తు పెట్టాలో తేల్చుకోవడం మాత్రం మన పనే. అన్నిచోట్లా ఒకేసారి గుర్తు పెట్టెయ్యమంటే యంత్రం అచ్చంగా ఆ రూపం ఉన్నచోటే పెడుతుంది. తెలుగులో నామవాచకం ఒక్క రూపంలో ఉండదు. ‘ధవళేశ్వరం’ అని వెతికితే ‘ధవళేశ్వరానికి’ దొరకదు, ‘ధవళేశ్వరపు’ దొరకదు, గ్రాంథికంలోని ‘ధవళేశ్వరము’ కూడా దొరకదు. ‘ధవళేశ్వర’ వరకే కొట్టి వెతికితే అన్నీ వస్తాయి. ‘పెళ్లి’ అంటే ‘పెండ్లి’ రాదు. సంధి కలిసిన గ్రాంథిక వాక్యాల్లో పేరు మొదటి అక్షరమే మాయమవుతుంది. చదువుతూ చేసిన జాబితాను సరిచూసుకోవడానికి ఈ వెతుకులాట బాగా పనికొస్తుంది. చదవడానికి బదులుగా మాత్రం పనికిరాదు.

అసలు కౌశలం ఉన్నది ఉపశీర్షికల్లో. మాటలన్నీ వరసలో పెట్టాక ‘వితంతు వివాహాలు’ దగ్గర ఇలా తేలిందనుకోండి: 88, 89, 90, 91, 92, 93, 95, 98, 99, 100, 104, 105, 106, 107, 108, 109, 112, 113 అంటూ మూడు వరసలు. ఇది సూచి కాదు. తొలి పెళ్లి గురించి చూడాలనుకున్నవాడు ముప్ఫై పేజీలు తిప్పాలి. ఒక శీర్షిక పక్కన విడి సంఖ్యలు ఐదారుకు మించితే దాన్ని విడగొట్టాలని ఈ పని చేసేవాళ్లు ఒక కొలత పెట్టుకుంటారు. ఎలా విడగొట్టాలో తెలియాలంటే ఆ పేజీలన్నీ మళ్లీ తెరిచి, అక్కడ ఈ విషయం గురించి ఏం చెప్పాడో ఒక్కొక్కటి చూడాలి. మొదటిసారి చదివేటప్పుడే రెండో గడి నింపుకున్నవాళ్లకు ఈ బాధ సగం తగ్గుతుంది. అన్నీ చూశాక ఇలా తయారవుతుంది:

వితంతు వివాహాలు
— చెన్నపట్టణంలో, 152–156
— తొలి వివాహం (1881), 104–109
— పైడా రామకృష్ణయ్య సాయం, 98–100, 121
— ప్రసంగాలు, వాదాలు, 88–93
— విద్యార్థుల అండ, 95, 106
— వెలి, ప్రాయశ్చిత్తాలు, 112–118
ఇంకా చూడండి: రాజ్యలక్ష్మమ్మ, హితకారిణీ సమాజం

ఇందులో కొన్ని నిర్ణయాలు దాగి ఉన్నాయి. 104–109 అంటే ఆ ఆరు పేజీల్లోనూ కథనం ఆగకుండా సాగిందని. మధ్యలో వేరే సంగతి వచ్చి ఉంటే గీత పెట్టకూడదు, విడివిడి సంఖ్యలే వేయాలి. 106వ పేజీ రెండుచోట్ల ఉంది, ఎందుకంటే తొలి పెళ్లినాడు విద్యార్థులు అండగా నిలిచిన సంగతి అక్కడే ఉంది. ‘సాయం’ అన్న ఒక్క మాట పెట్టి ఊరుకుంటే ఎవరి సాయమో తెలియదు, పైగా వరసలో సకారం కింద పడుతుంది. పాఠకుడికి గుర్తుండేది రామకృష్ణయ్య పేరు. ఉపశీర్షికలో పాఠకుడు వెతికే మాట మొదట రావాలి. ఇందులో తెలుగుకు కాస్త సుఖముంది. మన విభక్తులు మాట చివర అతుక్కుంటాయి గనక ముఖ్యమైన మాట దానంతట అదే ముందుకొస్తుంది. ఇంగ్లీషులోలా ముందొచ్చే చిల్లర మాటలను వరసలో లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న తర్జనభర్జన మనకు లేదు.

ఉపశీర్షికలను అకారాదిగా పెట్టాలా, జరిగిన వరసలో పెట్టాలా అన్నదానికి రెండు రకాల సమాధానాలు ఉన్నాయి. విషయాలకు అకారాదే మేలు. మనిషి జీవితానికీ పత్రిక చరిత్రకూ మాత్రం కాలక్రమం చాలాచోట్ల ఎక్కువ ఉపయోగపడుతుంది. ‘వివేకవర్ధని’ పత్రిక కింద 1874లో ఆరంభం, చెన్నపట్టణంలో అచ్చు, రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం, లంచగొండుల మీద రాతలు అని జరిగిన వరసలో ఉంటేనే చదవడానికి బాగుంటుంది. అయితే పుస్తకమంతా ఏదో ఒక్క పద్ధతే నడవాలని పట్టుబట్టే సంపాదకులు ఉన్నారు. ఇలాంటిచోట్ల మా మొగ్గు కాలక్రమం వైపే అయినా, ఎక్కడ దాన్ని పాటించారో చెప్పి తీరాలి.

ఉపశీర్షిక కింద మళ్లీ ఉపశీర్షిక వద్దు. మూడో మెట్టు దిగిన పాఠకుడికి తాను ఏ ఇంట్లో ఉన్నాడో గుర్తుండదు. అంత అవసరం పడిందంటే ఆ ఉపశీర్షికే శీర్షిక కావాల్సిన వయసుకు వచ్చిందన్నమాట. ‘వితంతు వివాహాలు’ కింద ‘వెలి’ మరీ పెరిగిపోతే, ‘వెలి’ని విడిగా పెట్టి ఇక్కడ నుంచి దారి చూపితే సరి. ఒకే ఒక్క ఉపశీర్షిక ఉన్న శీర్షిక కూడా అనవసరం. రెండు భాగాలు లేనిదానికి విభజన దేనికి?

తప్పులు పట్టుకోవడానికి రెండు పరీక్షలు చాలు. సూచిలోంచి ఏవో పది మాటలు తీసుకుని పేజీలు తెరిచి చూడండి. ఒక్కటి తప్పినా అన్నీ చూడాల్సిందే. రెండోది తలకిందుల పరీక్ష. పుస్తకంలో ఏదో ఒక పేజీ తెరిచి, ఇక్కడ ఉన్న సంగతి కోసం నేనైతే ఏ మాట కింద వెతుకుతానని ఆలోచించి ఆ మాట సూచిలో ఉందో లేదో చూడండి. మొదటి పరీక్షలో అంకెల తప్పులు బయటపడతాయి. రెండో పరీక్షలో బుర్ర పెట్టని చోట్లు బయటపడతాయి. రెండుచోట్ల వేసిన విషయాలను పక్కపక్కన పెట్టి చూడటమూ మంచిది. స్త్రీ విద్య కింద ‘ధవళేశ్వరం పాఠశాల, 52, 53’ అని ఉండి, ధవళేశ్వరం కింద ‘బాలికా పాఠశాల, 52’ అని మాత్రమే ఉంటే ఎక్కడో కలం జారిందన్నమాట.

సూచికి ఆయుష్షు తక్కువ అన్న మాట కూడా నిజమే. డెమీ సైజు పుస్తకాన్ని మరో సైజులో, మరో ఫాంటులో వేస్తే అంకెలన్నీ పనికిరాకుండా పోతాయి. పాత సూచిని అలాగే కొత్త ముద్రణలో అతికించిన పుస్తకాలూ ఉన్నాయి, అవి సూచి లేనివాటికంటే ప్రమాదం. దీనికి పరిష్కారం పేజీ సంఖ్యలు పుట్టకముందే కనిపెట్టారు. పదమూడో శతాబ్దంలో పారిస్‌లోని డొమినికన్ సన్యాసులు బైబిలు మాటలన్నిటికీ అకారాది జాబితా చేసినప్పుడు, అది చేతిరాత ప్రతుల కాలం. ఏ రెండు ప్రతుల్లోనూ పేజీలు కలవవు. అందుకని అధ్యాయం సంఖ్య చెప్పి, ఆ అధ్యాయాన్ని మనసులో ఏడు ముక్కలుగా ఊహించుకుని ఎన్నో ముక్కలో ఉందో అక్షరంతో చూపారు. మన కావ్యాల చివర పద్యానుక్రమణికలో పద్య సంఖ్య ఇస్తే ఎన్ని ముద్రణలు మారినా చెక్కుచెదరకపోవడం ఇదే కోవ. ‘స్వీయచరిత్రము’ లాంటి, మళ్లీ మళ్లీ అచ్చయ్యే వచన గ్రంథాలకు కూడా ఎవరైనా ఒకసారి ప్రకరణానికీ పేరాకూ అంకెలు వేస్తే, సూచి ఒక్కసారి చేస్తే చాలు.

అనుక్రమణిక మనకు కొత్త కాదు కూడా. కాత్యాయనుడి సర్వానుక్రమణి ఋగ్వేదంలో ప్రతి సూక్తానికీ మొదటి మాట, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెబుతుంది. కానీ దాని వరస వేదం వరసే. వేదం కంఠస్థంగా వచ్చినవాడికి అది సరిపోతుంది. ఏమీ రానివాడు కూడా తలుపు తట్టి లోపలికి రావాలంటే అకారాది కావాలి.

ఇక ఖర్చు మాట. పుస్తకాలు పదహారు పేజీల ఫారాల లెక్కన అచ్చవుతాయి. మూడు వందల పేజీల పుస్తకానికి పందొమ్మిది ఫారాలు పడతాయి, అంటే 304 పేజీలు. పుస్తకం మొత్తం, ముందుమాటలతో సహా, 300 దాకా వస్తే సూచికి నాలుగు పేజీలే మిగులుతాయి. ఇంకో ఫారం వేయాలంటే ప్రచురణకర్తకు కాగితం ఖర్చు గుర్తొస్తుంది. అదే మేకప్ దశలోనే మొత్తాన్ని 290 దగ్గర ఆపేలా చూసుకుంటే పద్నాలుగు పేజీలు మిగులుతాయి. పుస్తకంలో ఇరవయ్యో వంతుకు కాస్త తక్కువ. చిన్న అక్షరాల్లో, రెండు కాలమ్‌లలో వేస్తే ఈపాటి ఆత్మకథకు అది చక్కగా సరిపోతుంది. మొదటినుంచీ లెక్కలో పెట్టుకుంటే ఒక్క కాగితం కూడా అదనంగా పడదు. మిగిలేది పని చేసిన మనిషికి ఇవ్వాల్సిన ప్రతిఫలం, రెండు మూడు వారాల వ్యవధి.

ఈ పనికి రచయితే తగినవాడని కొందరంటారు. పూర్తిగా కాదు. రచయితకు తన పుస్తకంలో ఏముందో బాగా తెలుసు. తెలియనివాళ్లు ఏ మాటతో వెతుకుతారో అతనికి అంతగా తెలియదు. తెలుగు ఎం.ఏ.లు చదివి పనికోసం చూస్తున్న పిల్లలు, పదవీ విరమణ చేసిన లైబ్రేరియన్లు, ప్రూఫు రీడర్లు దీన్ని నేర్చుకుని బాగా చేయగలరు. ప్రచురణకర్తలకు మా విన్నపం రెండే మాటలు. ఆత్మకథనో చరిత్రనో మళ్లీ అచ్చుకు పంపేటప్పుడు ఆవిష్కరణను మూడు వారాలు వాయిదా వేసి, ఖాయమైన పేజీలను ఇలాంటివారికి పంపండి. ముఖచిత్రం వేసినవారి పేరు వేస్తున్నారు కదా, దాని కిందనే సూచి కూర్చినవారి పేరు కూడా వేయండి.